బంధువులిచ్చిన పెద్ద మొత్తం ఎక్కడిదని ఆదాయపన్ను నోటీసు వస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు కొనేటప్పుడు నాన్నో మేనమామో కొంత సర్దుతారు. ఏడాదో రెండేళ్లో గడిచాక "ఈ డబ్బు ఎక్కడిది?" అని ఆదాయపన్ను శాఖ అడుగుతుంది. అప్పుడు వచ్చే సందేహాలు దాదాపు అందరివీ ఒకటే కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. సెక్షన్ నంబర్లన్నీ 1961 ఆదాయపన్ను చట్టానివి.

## నోటీసు చేతికి అందగానే

ఈమెయిల్‌లో నోటీసు వచ్చింది. ఇది అసలైనదేనా?

2019 అక్టోబరు నుంచి శాఖ పంపే ప్రతి ఉత్తరం మీదా డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. incometax.gov.in తెరిస్తే, లాగిన్ అవ్వకుండానే `Authenticate Notice/Order Issued by ITD` అనే చోట ఆ సంఖ్య కొట్టి చూసుకోవచ్చు. లాగిన్ అయితే `Pending Actions` కింద `e-Proceedings`లో అదే నోటీసు కనబడాలి. ఈమెయిల్‌లో ఉన్న లింకు నొక్కి లోపలికి వెళ్లకండి, పోర్టల్ చిరునామా మీరే టైప్ చేయండి. ఫోన్ చేసి "కేసు సెటిల్ చేస్తాం" అనేవాళ్లను అసలు నమ్మొద్దు. ఈ విచారణ అంతా పోర్టల్‌లోనే, అధికారి ఎవరో మీకు తెలియకుండా సాగుతుంది.

నేను ఏ తప్పూ చేయలేదు. మరి నాకెందుకు వచ్చింది?

నాన్న మీ ఖాతాకు డబ్బు పంపినందుకే నోటీసు రావడం అరుదు. ఎక్కువగా ఆ డబ్బుతో చేసిన కొనుగోలు కంటపడుతుంది. 30 లక్షలు, అంతకు మించిన రిజిస్ట్రేషన్ జరిగితే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం శాఖకు తెలియజేస్తుంది. ఏడాదిలో సేవింగ్స్ ఖాతాల్లో 10 లక్షలు, అంతకు మించి నగదు జమైనా, ఆ స్థాయి ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేసినా బ్యాంకు చెబుతుంది. ఇవి శాఖ దగ్గరుండే మీ వార్షిక సమాచార పట్టిక ఏఐఎస్‌లో కనిపిస్తాయి. రిటర్న్‌లో చూపిన ఆదాయానికీ ఈ మొత్తానికీ పొంతన కుదరకపోతే కంప్యూటరే కేసును పక్కకు తీస్తుంది. నోటీసు వచ్చినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. లెక్క అడుగుతున్నారంతే.

143(2), 142(1), 133(6) అని రకరకాల నంబర్లున్నాయి. నాకొచ్చింది ఏది?

143(2) అంటే మీ రిటర్న్‌ను స్క్రూటినీకి, అంటే వివరంగా పరిశీలించడానికి, తీసుకున్నారని చెప్పే నోటీసు. ఫలానా వివరాలు, కాగితాలు పంపమని ప్రశ్నావళితో వచ్చేది 142(1). బంధువులిచ్చిన డబ్బు గురించిన అసలు ప్రశ్నలు సాధారణంగా ఇందులోనే ఉంటాయి. 133(6) సమాచారం కోరే ఉత్తరం. ఇది డబ్బు ఇచ్చిన బంధువుకు కూడా వెళ్లవచ్చు. 148ఏ వస్తే మాత్రం పాత సంవత్సరాన్ని తిరిగి తెరిచే ఆలోచనలో ఉన్నారని అర్థం. దాన్ని అనుభవమున్న చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపించకుండా జవాబు రాయకండి.

గడువులోగా కాగితాలు దొరికేలా లేవు. ఏం చేయాలి?

గడువు దాటకముందే `e-Proceedings`లో `Seek Adjournment` ద్వారా, కారణం రాసి, సమయం అడగండి. "నాన్నగారి ఖాతా స్టేట్‌మెంటు కోసం ఫలానా తేదీన బ్యాంకుకు దరఖాస్తు ఇచ్చాం" అన్నట్టు నిర్దిష్టంగా రాసి, ఆ దరఖాస్తు నకలు కూడా జతచేస్తే మంచిది. చేతిలో ఉన్న కాగితాలతో పాక్షిక జవాబు కూడా పంపవచ్చు. మౌనంగా ఉండిపోవడమే అన్నిటికంటే ప్రమాదం. 142(1)కు జవాబివ్వకపోతే ఒక్కో తప్పిదానికి 10,000 రూపాయల జరిమానా పడవచ్చు. అధికారి తన దగ్గరున్న సమాచారంతోనే సెక్షన్ 144 కింద అసెస్‌మెంట్ ముగించవచ్చు కూడా.

## అసలు ఏం నిరూపించాలి

బంధువులిచ్చిన దానికి పన్ను లేదంటారుగా. ఇంకా సంజాయిషీ ఎందుకు?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చట్టంలో ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిది, ఇచ్చినవారు చట్టం చెప్పిన బంధువేనా? అవునంటే సెక్షన్ 56(2)(x) కింద ఆ మొత్తం మీకు ఆదాయం కాదు, ఎంత పెద్దదైనా సరే. రెండోది, ఆ డబ్బు నిజంగా వారిదేనా, లేక మీ లెక్కల్లో చూపని డబ్బే వారి ఖాతా గుండా తిరిగి మీ దగ్గరికి వచ్చిందా? ఇది 68, 69, 69ఏ సెక్షన్ల ప్రశ్న. ఆధార్ కార్డులూ బంధుత్వ పత్రాలూ మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాయి గానీ రెండోదాని జోలికే వెళ్లవు. నోటీసు అడిగేది మాత్రం చాలావరకు రెండోదే.

రెండో ప్రశ్నకు జవాబులో మూడు విషయాలు తేలాలి. ఇచ్చిన మనిషి ఎవరు, అంత ఇచ్చే స్తోమత వారికి ఉందా, ఆ ఇవ్వడం నిజంగా జరిగిందా. గిఫ్ట్ డీడ్ మొదటిదానికీ మూడోదానికీ కొంత బలం ఇస్తుంది. స్తోమతను చూపించేది మాత్రం దాత బ్యాంకు ఖాతా, ఆ ఖాతాలోకి డబ్బు వచ్చిన దారి.

జవాబు నచ్చకపోతే ఎంత పన్ను పడుతుంది?

ఎక్కడిదో వివరించలేని డబ్బుగా తేలిస్తే సెక్షన్ 115బీబీఈ కింద 60 శాతం పన్ను, ఆ పన్ను మీద 25 శాతం సర్‌చార్జి, దానిపై 4 శాతం సెస్సు వేస్తారు. అన్నీ కలిపితే 78 శాతం. వడ్డీ, జరిమానా దీనికి అదనం. స్లాబులూ మినహాయింపులూ వర్తించవు. 5 లక్షలకు వివరణ కుదరకపోతే 3.9 లక్షలు కట్టాలన్న మాట.

దీనికీ చట్టం చెప్పిన బంధువు కానివారు ఇచ్చినదానికీ తేడా ఉంది. ఇచ్చినవారు నిజమైనవారే, డబ్బూ వారిదే, కానీ చట్టం జాబితాలో లేనివారైతే అది "ఇతర ఆదాయం"గా మీ మామూలు స్లాబులోనే పడుతుంది. అందుకని బంధుత్వం విషయంలో మీ వాదన కాస్త బలహీనంగా ఉన్నా, డబ్బు ఎక్కడిదన్న రుజువు మాత్రం గట్టిగా పెట్టండి.

చట్టం ప్రకారం ఎవరెవరు బంధువులు? మా మేనమామ వస్తారా?

వస్తారు. భార్య లేదా భర్త, తోబుట్టువులు, భార్య లేదా భర్త తోబుట్టువులు, అమ్మానాన్నల తోబుట్టువులు, మీ తాత తండ్రులు, పిల్లలు, మనవలు, అలాగే మీ భార్య లేదా భర్త వైపు తాత తండ్రులు, భార్య లేదా భర్త పిల్లలు, మనవలు, వీళ్లందరి జీవిత భాగస్వాములు జాబితాలో ఉన్నారు. అంటే పెదనాన్న, బాబాయి, పిన్ని, మేనత్త, బావమరిది, తోడల్లుడు, తోటికోడలు, అల్లుడు, మామగారు అందరూ లెక్కలోకి వస్తారు.

రానివాళ్ల సంగతి జాగ్రత్తగా చూడండి. పెదనాన్న కొడుకు మనకు అన్నే, కానీ చట్టానికి కాదు. మేనమామ కూతురూ కాదు. వియ్యంకుడు కాదు. మీ భార్య మేనమామ మీకు బంధువు కాడు, ఆమెకు మాత్రమే బంధువు. ఇంకొకటి, బంధుత్వాన్ని ఎప్పుడూ డబ్బు పుచ్చుకున్నవారి వైపు నుంచి చూడాలి. మేనమామ మేనల్లుడికి ఇస్తే పన్ను లేదు. మేనల్లుడు మేనమామకు ఇస్తే ఉంది, ఎందుకంటే తోబుట్టువుల పిల్లలు ఆ జాబితాలో లేరు. బంధువులు కానివారి నుంచి ఏడాది మొత్తం మీద వచ్చింది 50,000 దాటితే, దాటిన భాగానికే కాదు, మొత్తానికీ పన్ను పడుతుంది.

మేనమామే అని ఏ కాగితంతో రుజువు చేయాలి? ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయి.

నేరుగా "మేనమామ" అని రాసి ఉండే కాగితం ఉండదు. మూడు కాగితాలను కలిపి చూపించాలి. మీ పదో తరగతి మెమోలోనో పాస్‌పోర్టులోనో అమ్మ పేరు ఉంటుంది. అమ్మ పదో తరగతి మెమోలోనో పాన్‌లోనో ఆమె తండ్రి పేరు ఉంటుంది. మేనమామ పాన్ వివరాల్లోనూ అదే తండ్రి పేరు ఉంటుంది. ఈ మూడింటినీ వరుసగా పెట్టి, మీకూ అమ్మకూ తాతగారికీ మేనమామకూ ఉన్న చుట్టరికాన్ని చిన్న వంశవృక్షంలా ఒక పేజీలో గీసి జతచేయండి. అమ్మకు పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఉంటే ఆ సంగతి ఒక వాక్యంలో రాయండి. కాగితాల్లో తాతగారి పేరు ఒకచోట పొడి అక్షరాలతో, మరోచోట పూర్తిగా ఉంటే, ఇద్దరూ ఒకరేనని మేనమామ చేత అఫిడవిట్ ఇప్పించండి.

## గిఫ్ట్ డీడ్ గురించి

గిఫ్ట్ డీడ్ తప్పనిసరా? రిజిస్ట్రేషన్ చేయించాలా?

భూమి, ఇల్లు లాంటి స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డబ్బు చరాస్తి. 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 ప్రకారం దాన్ని అప్పగించడంతోనే దానం పూర్తవుతుంది. కాబట్టి ఆర్టీజీఎస్‌లో వచ్చిన డబ్బుకు డీడ్ లేదన్న కారణంతోనే దానం చెల్లదనడానికి లేదు. అయినా రాసుకోవడమే మేలు. నాన్‌జుడీషియల్ స్టాంపు కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి, నోటరీ చేయిస్తే ఈ పనికి సరిపోతుంది.

అందులో ఏమేం రాయాలి?

ఇచ్చినవారి, పుచ్చుకున్నవారి పేర్లు, చిరునామాలు, పాన్‌లు, ఇద్దరి మధ్య బంధుత్వం. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ. ఏ బ్యాంకు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు, ఏ తేదీన, ఏ యూటీఆర్ నంబరుతో, అంటే బ్యాంకు ఆ బదిలీకి ఇచ్చే సంఖ్యతో, వెళ్లిందో. ప్రేమాభిమానాలతో ఇస్తున్నానని, తిరిగి అడగనని. దాత దగ్గర ఆ డబ్బు ఎలా సమకూరిందో రెండు వాక్యాలు. చివరగా, స్వీకరిస్తున్నానని మీ మాట, మీ సంతకం. చాలా డీడ్‌లలో ఈ చివరిది ఉండదు. దాత బతికి ఉండగా స్వీకరించడం దానానికి అవసరమని చట్టం అంటుంది కాబట్టి దాన్ని వదిలేయకండి.

అప్పుడు రాసుకోలేదు. ఇప్పుడు పాత తేదీ వేసి రాయొచ్చా?

వద్దు. స్టాంపు కాగితం ఎప్పుడు అమ్మారో దాని మీదే ఉంటుంది, నోటరీ రిజిస్టరులోనూ తేదీ ఉంటుంది. 2023 నాటిదని చెప్పే డీడ్ 2025లో అమ్మిన కాగితం మీద ఉంటే, నిజంగా జరిగిన దానాన్నీ ఎవరూ నమ్మరు. తప్పుడు పత్రం పెట్టిన నేరం దానికి తోడవుతుంది.

చేయగలిగింది ఒకటుంది. ఈ రోజు తేదీతోనే దాత చేత ధ్రువీకరణ పత్రం రాయించండి. "ఫలానా తేదీన, ఫలానా యూటీఆర్ ద్వారా, నా కుమారుడికి ఈ మొత్తాన్ని కానుకగా ఇచ్చాను, ఆ సంగతిని ఇప్పుడు రాతపూర్వకంగా ధ్రువీకరిస్తున్నాను" అని ఉంటే చాలు. దానం జరిగిన రోజుకు అసలు సాక్ష్యం బ్యాంకు స్టేట్‌మెంటులోని పద్దే.

దాత చనిపోయారు. ఇప్పుడు ఎవరు సంతకం పెట్టాలి?

దాత తరఫున డీడ్ ఎవరూ రాయలేరు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, దాత ఖాతా స్టేట్‌మెంటు, ఆయన పాత రిటర్నులు ఉంటే అవీ పెట్టండి. మిగతా వారసులు "ఈ మొత్తం ఆయన బతికుండగా కానుకగా ఇచ్చారు, మాకు తెలుసు" అని అఫిడవిట్ ఇస్తే కొంత బలం వస్తుంది.

## బ్యాంకు రుజువులు, డబ్బు వచ్చిన దారి

ఆర్టీజీఎస్‌లో వచ్చింది, స్టేట్‌మెంటు ఉంది. ఇంకేం కావాలి?

డబ్బు మీ ఖాతాలోకి ఎలా వచ్చిందో మీ స్టేట్‌మెంటు చెబుతుంది. దాత ఖాతాలోకి ఎలా వచ్చిందో చెప్పదు. బ్యాంకు ద్వారా వచ్చినంత మాత్రాన కానుక నిజమైపోదని 2007లోనే సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. అధికారి మొట్టమొదట అడిగేది దాత ఖాతా స్టేట్‌మెంటే. అందులో మీకు పంపిన తేదీకి ముందు మూడు నాలుగు నెలల పద్దులు చూస్తారు. పంపడానికి రెండు మూడు రోజుల ముందు నగదు జమ కనిపిస్తే కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఒక ఉదాహరణతో చెప్పగలరా?

ఇది కల్పిత ఉదాహరణే, కానీ అంకెలు మామూలుగా ఎదురయ్యే తరహావే. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగి, ఏడాది ఆదాయం 9.5 లక్షలు. 2023 నవంబరులో 68 లక్షలకు ఫ్లాటు కొన్నారు. గృహరుణం 40 లక్షలు, సొంత పొదుపు 8 లక్షలు, ఖమ్మం జిల్లాలో ఉండే నాన్న ఇచ్చింది 14 లక్షలు, రిటైరైన మేనమామ ఇచ్చింది 6 లక్షలు. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరానికి స్క్రూటినీ వచ్చింది. 20 లక్షల కానుకలు ఎక్కడివని ప్రశ్న.

మేనమామ సంగతి తేలికే. ఆయన ఖాతాలో గ్రాట్యుటీ జమైన పద్దు ఉంది, అదే ఖాతా నుంచి 6 లక్షలు వెళ్లాయి. ఆ స్టేట్‌మెంటు, రిటైర్మెంట్ ఉత్తర్వు, పాన్, బంధుత్వ పత్రాలు, డీడ్ పెడితే సరిపోయింది.

నాన్న ఖాతాలో నవంబరు 10న ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరి 9.05 లక్షలు వచ్చాయి. 17న 5 లక్షల నగదు జమైంది. 20న 14 లక్షలు ఆర్టీజీఎస్‌లో వెళ్లాయి. అధికారి వేలు పెట్టింది ఆ 17వ తేదీ పద్దు మీదే. నాన్న రైతు, రిటర్న్ వేయరు. అడిగితే, పక్కవాళ్ల అర ఎకరం కొందామని అక్టోబరు 4న అదే ఖాతా నుంచి 5 లక్షలు తీశానని, బేరం కుదరక ఇంట్లో పెట్టి మళ్లీ కట్టానని చెప్పారు. స్టేట్‌మెంటు వెనక్కి తిప్పితే ఆ విత్‌డ్రాయల్ కనిపించింది. ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఏప్రిల్, మే నెలల్లో మిర్చి అమ్మిన డబ్బు కమీషన్ ఏజెంటు ఖాతా నుంచి వచ్చిన పద్దులున్నాయి.

జవాబులో అవన్నీ ఒకే వరుసలో పెట్టారు. మిర్చి అమ్మకానికి మార్కెట్ రసీదులైన తక్‌పట్టీలు, ఆ డబ్బు జమైన పద్దులు, అక్టోబరు 4 విత్‌డ్రాయల్, 17న తిరిగి జమ, 20న ఆర్టీజీఎస్. ప్రతి పద్దునూ స్టేట్‌మెంటు మీద గుర్తుపెట్టి అనుబంధం నంబరు వేశారు. బేరం పెట్టిన పొలం సర్వే నంబరుతో సహా ఆ సంగతంతా నాన్న అఫిడవిట్‌లో ఉంది. ఇలా కట్టిన జవాబులో అధికారికి ఊహించుకోవడానికి ఖాళీ మిగలదు. అదే ఆ విత్‌డ్రాయల్ పద్దు లేకపోయి ఉంటే 14 లక్షల్లో 9 లక్షలు నిలబడేవి, 5 లక్షల మీద పేచీ వచ్చేది.

నాన్న రైతు, ఎప్పుడూ రిటర్న్ వేయలేదు. స్తోమత ఎలా చూపాలి?

వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపన్ను లేదు, అందుకే రిటర్న్ లేకపోవడం తప్పు కాదు. కాకపోతే ఆదాయం ఉందని చూపాలి. పట్టాదారు పాస్‌పుస్తకం, 1-బీ, అడంగల్ లేదా పహాణీ నకళ్లు ఎంత భూమి ఉందో, ఏ పంట వేశారో చెబుతాయి. అమ్మకానికి తక్‌పట్టీలు, ధాన్యం కొనుగోలు కేంద్రం నుంచి ఖాతాలో పడిన డబ్బు సాక్ష్యం. రెండెకరాల మెట్ట మీద ఏడాదికి 15 లక్షలు మిగిలాయంటే ఎవరూ ఒప్పుకోరు. భూమికీ పంటకూ తగ్గ అంకెలే చెప్పండి. పొలం అమ్మి ఇచ్చి ఉంటే రిజిస్టరైన అమ్మకపు దస్తావేజు, ఆ డబ్బు జమైన పద్దు పెట్టండి. దస్తావేజులో రాసిన ధరకు మించి తీసుకున్న నగదును ఆధారంగా చూపబోతే కొత్త చిక్కులు వస్తాయి.

మా అన్నయ్య అమెరికా నుంచి పంపాడు. ఏం పెట్టాలి?

సొంత అన్న కాబట్టి బంధుత్వానికి ఇబ్బంది లేదు. మీ బ్యాంకు నుంచి విదేశీ జమ ధ్రువపత్రం తీసుకోండి. వ్యక్తిగత కానుక అయితే అందులో పర్పస్ కోడ్ P1302 ఉండాలి. వేరే కోడ్ పడి ఉంటే ఎందుకో వివరించాల్సి వస్తుంది. పంపిన విదేశీ ఖాతా స్టేట్‌మెంటు, అన్నయ్య జీతం పత్రాలు లేదా అక్కడి పన్ను రిటర్ను, పాస్‌పోర్టు, వీసా నకళ్లు జతచేయండి.

నగదుగానే ఇచ్చారు. ఇప్పుడేం చేయాలి?

2 లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకోవడాన్ని సెక్షన్ 269ఎస్‌టీ నిషేధిస్తుంది. దగ్గరి బంధువైనా సరే. జరిమానా పుచ్చుకున్నవారి మీదే పడుతుంది, అదీ పుచ్చుకున్న మొత్తంతో సమానం. దీన్ని తప్పించుకోవాలని "అది కానుక కాదు, అప్పు" అని మాట మార్చకండి. అప్పును నగదుగా తీసుకోవడానికీ 20,000 దగ్గరే నిషేధం ఉంది, పైగా మాట మార్చారన్న మచ్చ మిగులుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పి, దాత ఖాతాలోని విత్‌డ్రాయల్‌ను మీ ఖాతాలోని జమతో తేదీల వారీగా సరిపోల్చి చూపండి. ఈ సందర్భంలో జవాబు రాయించడానికి నిపుణుడి సాయం తీసుకోవాలి.

## జవాబు పంపేటప్పుడు

పోర్టల్‌లో ఎలా అప్‌లోడ్ చేయాలి?

`Pending Actions`, ఆపై `e-Proceedings`లో మీ నోటీసు ఎదురుగా `Submit Response` నొక్కాలి. ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకూడదు. జతపరిచేవి పదికి మించితే `Partial Response` ఎంచుకుని విడతలుగా పంపవచ్చు. ఫైళ్ల పేర్లు "నాన్న స్టేట్‌మెంటు", "తక్‌పట్టీలు" అన్నట్టు తేలిగ్గా పోల్చుకునేలా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. ముందు రెండు పేజీల జవాబు ఉత్తరం, చివర అనుబంధాల పట్టిక. పంపాక వచ్చే రసీదును దాచుకోండి.

పాస్‌పుస్తకం, దస్తావేజు తెలుగులో ఉన్నాయి. పర్వాలేదా?

ఫేస్‌లెస్ విధానంలో మీ కేసు చూసే అధికారి దేశంలో ఏ మూలైనా ఉండవచ్చు. తెలుగు చదవలేని అధికారి చేతికి అడంగల్ వెళితే అది ఉన్నా లేనట్టే. ప్రతి తెలుగు కాగితానికీ ఇంగ్లీషు అనువాదం జతచేయండి. మొత్తం కుదరకపోతే యజమాని పేరు, విస్తీర్ణం, పంట, తేదీ, మొత్తం ఉన్న భాగాలైనా అనువదించండి.

నాన్నకు కూడా ఉత్తరం వచ్చింది. ఆయన ఏం రాయాలి?

సెక్షన్ 133(6) కింద దాతనే నేరుగా అడగడం మామూలే. జవాబు ఆయన పేరుతో, ఆయనకు తెలిసినట్టుగా వెళ్లాలి. అంకెలు, తేదీలు మీ జవాబుతో సరిపోవాలి. పంపే ముందు ఇద్దరూ స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని కూర్చోండి. బ్యాంకుకు గృహరుణం కోసం ఇచ్చిన కాగితాల్లో ఆ డబ్బును ఏమన్నారో కూడా చూడండి. అక్కడ "చేబదులు" అని, ఇక్కడ "కానుక" అని ఉంటే ప్రశ్న తప్పదు.

రిటర్న్‌లో ఈ కానుక చూపలేదు. తప్పవుతుందా?

పన్ను లేని కానుకను మినహాయింపు ఆదాయాల పట్టికలో చూపితే తర్వాత వివరించడం తేలికవుతుంది. చూపనందువల్ల కానుక పన్ను పరిధిలోకి వచ్చేయదు. జవాబులో "పన్ను వర్తించని మొత్తం కనుక రిటర్న్‌లో పేర్కొనలేదు" అని రాస్తే చాలు.

## జవాబు పంపాక

అయినా ఆ మొత్తాన్ని నా ఆదాయానికి కలుపుతామని, ఎందుకు కలపకూడదో చెప్పమని షోకాజ్ నోటీసు వచ్చింది. ఇంకా దారి ఉందా?

ఉంది. షోకాజ్‌లో అధికారి ఏ పద్దును ఒప్పుకోలేదో, ఎందుకో ఉంటుంది. మొదటి జవాబునే మళ్లీ పంపకుండా, ఆ పద్దు గురించే కొత్త సాక్ష్యంతో రాయండి. వీడియో విచారణ కావాలని అదే జవాబులో అడగండి, ఆ హక్కు మీకుంది. మాటల్లో ఐదు నిమిషాల్లో తేలే చిక్కుముడి ఉత్తరాల్లో నెలలు పడుతుంది. ఆర్డరు వ్యతిరేకంగా వస్తే, డిమాండు నోటీసు అందిన 30 రోజుల్లోగా ఫారం 35తో కమిషనర్ (అప్పీల్స్) దగ్గరికి వెళ్లాలి. అప్పీలులో కొత్త కాగితాలు తేలిగ్గా తీసుకోరు కాబట్టి ఉన్నదంతా అసెస్‌మెంట్ దశలోనే పెట్టేయడం మంచిది.

2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చిందిగా. పాత నోటీసు చెల్లుతుందా?

చెల్లుతుంది. 2025 ఆదాయపన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే సంవత్సరాలకు వర్తిస్తుంది. అంతకుముందు ఏళ్ల కేసులు 1961 చట్టం ప్రకారమే సాగుతాయి. కొత్త ఏళ్ల నోటీసుల్లో సెక్షన్ నంబర్లు వేరుగా ఉంటాయి.

ఈ కాగితాలు ఎన్నేళ్లు దాచాలి?

పాత చట్టం కింద అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక మామూలుగా మూడేళ్ల మూడు నెలల వరకు, తప్పిపోయిన ఆదాయం 50 లక్షలు లేదా అంతకు మించితే ఐదేళ్ల మూడు నెలల వరకు కేసు తిరిగి తెరవవచ్చు. కానీ ఇల్లు కొన్న డబ్బుకు సంబంధించిన కాగితాలైతే ఆ ఇల్లు మీ చేతిలో ఉన్నంతకాలం ఉంచండి. ముఖ్యంగా దాత బ్యాంకు స్టేట్‌మెంటు, దాన్ని ఇవాళే తీయించుకోండి. ఏళ్లు గడిచాక, ఖాతా మూసేశాక, ఆ బ్యాంకు మరో బ్యాంకులో కలిసిపోయాక అది దొరకడమే కష్టం.